‘ఇల్లా’ తర్వాతి మాటకు ఏ విభక్తి?

గల్ఫ్‌లో నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాళ్లను అరబిక్‌లో టైము చెప్పమని అడగండి. రెండూ నలభై అయిదుకు వాళ్లు చెప్పే మాట ‘థలాథా ఇల్లా రుబ్అ’. మనం ‘పావు తక్కువ మూడు’ అంటాం. వాళ్ల మాటను విడదీసి చూస్తే ‘మూడు, పావు తప్ప’ అని వస్తుంది. ఇందులో ‘తప్ప’ పని చేస్తున్నది ‘ఇల్లా’.

బజారులో, లేబర్ క్యాంపులో మాట్లాడే అరబిక్‌లో ఇంతకు మించి తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. పుస్తకాల్లో, వార్తల్లో, ప్రార్థనల్లో వినిపించే ప్రామాణిక అరబిక్‌కు వస్తే మాత్రం అదే టైము ‘అస్సాఅతుథ్థాలిథతు ఇల్లా రుబ్అన్’ అవుతుంది. చివర కొత్తగా ‘అన్’ వచ్చి చేరింది. ఇంకో వాక్యంలో ‘ఇల్లా’ తర్వాతి మాట ‘ఉన్’తో, మరో వాక్యంలో ‘ఇన్’తో ముగుస్తుంది. అరబిక్ నేర్చుకునే విద్యార్థిని ఎక్కువగా తికమకపెట్టే చోట్లలో ఇదొకటి. ‘ఇల్లా’ ఒక్కటే అయినప్పుడు దాని తర్వాతి మాట ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు ముగుస్తుంది? జవాబు ‘ఇల్లా’కు కుడివైపు వెతికితే దొరకదు, దానికి ముందున్న వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యాన్ని రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

మూడు అచ్చులు

ముందు అరబిక్ విభక్తుల సంగతి చూద్దాం. తెలుగులో విభక్తి అంటే ని, కు, తో వంటి ప్రత్యయం. అరబిక్‌లో అది మాట చివరి అచ్చు. కితాబు అంటే పుస్తకమని హైదరాబాదులో అందరికీ తెలుసు. ఆ మాట వాక్యంలో కర్తగా ఉంటే ‘కితాబున్’, కర్మగా ఉంటే ‘కితాబన్’, ‘లో’, ‘మీద’, ‘తో’ వంటి అర్థాలిచ్చే చిన్న మాటల తర్వాత వస్తే ‘కితాబిన్’ అవుతుంది. ముందు ‘అల్’ చేరితే చివరి నకారం పోయి అచ్చు మాత్రం మిగులుతుంది: అల్ కితాబు, అల్ కితాబ, అల్ కితాబి. ఈ మూడు స్థితులకు అరబ్బు వ్యాకర్తలు పెట్టిన పేర్లు రఫ్అ, నస్బ్, జర్ర్. ఇక్కడ మనం సులువుగా ఉ-రూపం, అ-రూపం, ఇ-రూపం అని పిలుచుకుందాం.

‘ఇల్లా’ ఉన్న వాక్యానికి రెండు కొసలుంటాయి. ఒకటి మొత్తం, అంటే దేనిలోంచి తీసేస్తున్నామో అది. రెండోది ఆ మొత్తంలోంచి తీసేసిన మాట. ‘ఖాలిద్ తప్ప అందరూ వచ్చారు’ అన్నప్పుడు ‘అందరూ’ మొత్తం, ‘ఖాలిద్’ తీసేసిన మాట. అరబిక్ వ్యాకరణంలో తీసేసిన మాటను ‘ముస్తథ్నా’ అంటారు, మొత్తాన్ని ‘ముస్తథ్నా మిన్హు’ అంటారు. మిన్హు అంటే ‘దానిలోంచి’. మనం రోజూ వాడే ‘మినహా’, ‘మినహాయింపు’ ఈ కుటుంబంలోవే. ‘మిన్హా’ అనే అరబిక్ మాట ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి రెవెన్యూ కాగితాల్లో, కోర్టు భాషలో స్థిరపడింది.

ఇక రెండు ప్రశ్నలు. ఒకటి: వాక్యంలో మొత్తం కనబడుతోందా, లేదా? రెండు: వాక్యంలో ‘కాదు, లేదు’ అనే భావం ఉందా, లేదా? ఈ రెంటికీ జవాబు తెలిస్తే చివరి అచ్చు కూడా తెలిసినట్టే.

మొత్తం ఉంది, ‘లేదు’ లేదు

‘జాఅ’ అంటే వచ్చాడు. ‘కౌము’ అంటే జనం. ‘జాఅల్ కౌము ఇల్లా ఖాలిదన్’ అంటే ఖాలిద్ తప్ప జనమంతా వచ్చారు. మొత్తం కనబడుతోంది, వ్యతిరేకం లేదు. అందువల్ల ఖాలిద్ అ-రూపంలో ఉండి తీరాలి. వ్యాకర్తలు ఇక్కడ ఇంకో రూపానికి చోటివ్వలేదు. గడియారం వాక్యం కూడా ఈ కోవలోదే. మూడు గంటలు అనే మొత్తం ఉంది, ‘లేదు’ అన్న మాట లేదు, అందుకే ‘రుబ్అన్’.

తెలుగువాళ్లు పొరబడేది ఇక్కడే. మన భాషలో ‘తప్ప’కు ముందున్న మాట మొత్తాన్ని అనుసరిస్తుంది. ‘ఖాలిద్ తప్ప అందరూ వచ్చారు’, ‘ఖాలిద్‌ని తప్ప అందర్నీ చూశాను’, ‘ఖాలిద్‌కి తప్ప అందరికీ సలాం చెప్పాను’ అంటాం. అందరికీ అంటే ఖాలిద్‌కి, అందర్నీ అంటే ఖాలిద్‌ని. ఈ అలవాటుతో అరబిక్ మాట్లాడితే మూడో వాక్యంలో ఖాలిద్‌ను ఇ-రూపంలో పెట్టేస్తాం. అది తప్పు. ‘సల్లమ్తు అలల్ కౌమి ఇల్లా ఖాలిదన్’ అనాలి. జనం ఇ-రూపంలో ఉన్నా ఖాలిద్ అ-రూపంలోనే ఉంటాడు. వ్యతిరేకం లేని వాక్యంలో తీసేసిన మాట మొత్తంతో సంబంధం తెంచుకుని విడిగా నిలబడుతుంది.

ఆ అ-రూపం ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిపై వ్యాకర్తలు చాలా వాదించుకున్నారు. ఒక వాదం గుర్తుపెట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. ‘ఇల్లా’ అన్నప్పుడు మాట్లాడేవాడు లోలోపల ‘నేను మినహాయిస్తున్నాను’ అంటున్నాడని అనుకోండి. అప్పుడు ఖాలిద్ ఆ మినహాయింపుకు కర్మ అవుతాడు. కర్మకు అ-రూపం సహజం. 9వ శతాబ్దపు బస్రా పండితుడు ముబర్రద్ పేరు మీద ఈ వాదం ప్రసిద్ధం.

మొత్తం ఉంది, ‘లేదు’ కూడా ఉంది

ఇప్పుడు వాక్యాన్ని తిరగేద్దాం. ‘మా జాఅ అహదున్ ఇల్లా ఖాలిదున్’ అంటే ఖాలిద్ తప్ప ఎవరూ రాలేదు. ‘మా’ వ్యతిరేకార్థకం. ‘అహదున్’ అంటే ఒక్కరు. అది ‘ఎవరూ’ అన్న పని చేస్తూ మొత్తంగా నిలిచింది. ఇక్కడ రెండు దారులు తెరుచుకుంటాయి. ‘ఖాలిదున్’ అనవచ్చు, ‘ఖాలిదన్’ అని కూడా అనవచ్చు. వ్యాకర్తలు ఎక్కువ మెచ్చేది మొదటిదాన్ని. అందులో ఖాలిద్ మొత్తాన్ని అనుసరిస్తున్నాడు. అహదున్ ఉ-రూపంలో ఉంది, కాబట్టి ఖాలిదున్. ‘మా సల్లమ్తు అలా అహదిన్ ఇల్లా ఖాలిదిన్’ అన్నప్పుడు అహదిన్‌ను చూసి ఖాలిదిన్. అంటే వ్యతిరేక వాక్యానికి వచ్చేసరికి అరబిక్ మన తెలుగులా నడుస్తుంది.

‘లేదు’ ఒక్కటి చేరగానే ఇంత తేడా ఎందుకొచ్చింది? బస్రా వ్యాకర్తల వివరణ చక్కగా ఉంటుంది. మొత్తాన్ని అనుసరించే మాట అంటే మొత్తానికి బదులుగా నిలబడగలిగే మాట. వాళ్లు దాన్ని ‘బదల్’ అన్నారు. మన ‘బదులు’ కూడా ఆ అరబిక్ మాటే. ఒక మాట ఇంకొకదానికి బదులు కాగలదో లేదో తెలియాలంటే మొదటిదాన్ని తీసేసి చూడాలి. ‘మా జాఅ అహదున్ ఇల్లా ఖాలిదున్’లో అహదున్ తీసేస్తే ‘మా జాఅ ఇల్లా ఖాలిదున్’ మిగులుతుంది. ఖాలిద్ ఒక్కడే వచ్చాడు అని అర్థం, వాక్యం నిలబడింది. వ్యతిరేకం లేని ‘జాఅల్ కౌము ఇల్లా ఖాలిదన్’లోంచి కౌము తీసేస్తే ‘తప్ప ఖాలిద్ వచ్చాడు’ అని మిగులుతుంది, దానికి అర్థం లేదు. మొత్తం రాజీనామా చేస్తే ఆ కుర్చీలో కూర్చోగలిగినప్పుడే ఖాలిద్‌కు దాని విభక్తి దక్కుతుంది.

ఈ పరీక్ష పట్టుబడితే మరో నియమం దానంతటదే అర్థమవుతుంది. ‘మా జాఅ ఇల్లా ఖాలిదన్ అహదున్’ అని తీసేసిన మాటను మొత్తం కంటే ముందుకు తెస్తే మళ్లీ అ-రూపమే రావాలని ఎక్కువమంది వ్యాకర్తలు అంటారు. అసలు మనిషి ఇంకా రాకముందే బదులు మనిషి వచ్చి కూర్చోలేడు కదా.

ఈ కోవలో రెండు రూపాలూ నిజంగా వాడుకలో ఉన్నాయనడానికి ఖురాన్ పఠన సంప్రదాయం మంచి సాక్ష్యం. 4వ అధ్యాయం 66వ వాక్యంలో ‘ఇల్లా’ తర్వాత ‘కొద్దిమంది’ అనే మాట వస్తుంది. అది వ్యతిరేక వాక్యం. ప్రసిద్ధ పఠనకర్తల్లో ఎక్కువమంది దాన్ని ‘కలీలున్’ అని చదివారు. 8వ శతాబ్దంలో డమాస్కస్‌లో ఉన్న ఇబ్న్ ఆమిర్ ‘కలీలన్’ అని చదివారు. సిరియా ప్రాంతపు పాత ప్రతుల్లో ఆ మాట చివర ఒక అలిఫ్ అక్షరం అదనంగా ఉండేది. రెండు పఠనాలనూ సంప్రదాయం ఆమోదించింది, అర్థంలో మార్పు రాలేదు. 2వ అధ్యాయం 249వ వాక్యంలోనూ ఇదే మాట ‘ఇల్లా’ తర్వాత వస్తుంది. అక్కడ వ్యతిరేకం లేదు. ఆ ప్రసిద్ధ పఠనాలన్నీ అక్కడ ‘కలీలన్’ దగ్గర కలుస్తాయి. వ్యాకరణం ఒక దారే ఇచ్చిన చోట పఠనం ఒకటే అయింది, రెండు దారులు ఇచ్చిన చోట రెండయ్యాయి.

‘లేదు’ అనే భావం ‘మా’, ‘లా’ వంటి మాటలతోనే రానక్కర్లేదు. ‘ఎవరూ లేవకూడదు, ఖాలిద్ తప్ప’ అనే నిషేధం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ‘ఖాలిద్ తప్ప ఎవరైనా వచ్చారా?’ అన్న ప్రశ్నా అంతే.

మొత్తం లేదు, ‘లేదు’ ఉంది

మూడో కోవలో మొత్తాన్ని అసలు చెప్పరు. ‘మా జాఅ ఇల్లా ఖాలిదున్’. వ్యాకర్తలు దీన్ని ‘ముఫర్రగ్’ అన్నారు, అంటే ఖాళీ చేసినది. మొత్తం ఖాళీ చేసిన చోటులోకి ఖాలిద్ నేరుగా వచ్చి కూర్చున్నాడు. ఇక్కడ ఐచ్ఛికం ఏమీ లేదు. ‘మా’ను, ‘ఇల్లా’ను మనసులో కొట్టేసి మిగిలిన వాక్యాన్ని చూడాలి. ‘జాఅ ఖాలిదున్’ మిగిలితే ఉ-రూపం. ‘మా రఅయ్తు ఇల్లా ఖాలిదన్’లో ‘రఅయ్తు ఖాలిదన్’, ఖాలిద్‌ను చూశాను, మిగులుతుంది కాబట్టి అ-రూపం. ‘మా సల్లమ్తు ఇల్లా అలా ఖాలిదిన్’లో ‘అలా’ తర్వాత వచ్చింది కాబట్టి ఇ-రూపం. వాక్యంలో ఆ మాట చేసే పనే దాని విభక్తిని తేల్చేస్తుంది.

తెలుగులో దీన్ని ‘తప్ప’తో చెప్పాలంటే సాధారణంగా ‘ఎవరూ’, ‘ఎవర్నీ’ చేర్చాల్సి వస్తుంది. ఆ ఖాళీ వాక్యానికి మన దగ్గర సహజమైన జోడీ ‘ఖాలిద్ ఒక్కడే వచ్చాడు’, ‘ఖాలిద్‌ని మాత్రమే చూశాను’. అనువదించేటప్పుడు ‘మా’, ‘ఇల్లా’ రెంటినీ కలిపి ఒక ‘మాత్రమే’గా చదివితే వాక్యం తేటపడుతుంది, విభక్తి కూడా వెంటనే దొరుకుతుంది.

విద్యార్థులు ఎక్కువగా జారిపడేది ఈ కోవలో. ‘ఇల్లా’ అనగానే అ-రూపం అని బట్టీ పట్టినవాళ్లు ‘మా ఇందీ ఇల్లా కితాబన్’ అని రాస్తారు. నా దగ్గర పుస్తకం మాత్రమే ఉంది అని చెప్పాలన్నది వాళ్ల ఉద్దేశం. ‘మా’, ‘ఇల్లా’ తీసేస్తే ‘ఇందీ కితాబున్’, నా దగ్గర పుస్తకం ఉంది, మిగులుతుంది. అక్కడ పుస్తకం కర్త స్థానంలో ఉంది. కాబట్టి ‘మా ఇందీ ఇల్లా కితాబున్’ అన్నదే సరి.

ఒక్కోసారి తప్పు వ్యాకరణంతో ఆగదు, అర్థమే తిరగబడుతుంది. ‘సఅల’ అంటే అడిగాడు. ‘మా సఅల ఇల్లా ఖాలిదున్’ అంటే ఖాలిద్ తప్ప ఎవరూ అడగలేదు. ‘మా సఅల ఇల్లా ఖాలిదన్’ అంటే అతను ఖాలిద్‌ని తప్ప ఎవర్నీ అడగలేదు. మొదటిదాంట్లో అడిగినవాడు ఖాలిద్, రెండోదాంట్లో ప్రశ్న ఖాలిద్‌ను తాకింది. మాటలన్నీ అవే, మారింది చివరి అచ్చు ఒక్కటే. తెలుగులో ఈ తేడాను ‘ని’ మోస్తుంది, అరబిక్‌లో ఆ బరువంతా ఒక్క అచ్చు మీద పడుతుంది.

ఆ అచ్చు కాగితం మీద కనబడుతుందా? అరబిక్ అచ్చుపుస్తకాల్లో చిన్న అచ్చుల గుర్తులు సాధారణంగా వేయరు. అయినా ఒక ఆనవాలు ఉంది. ‘అన్’తో ముగిసే మాటకు చాలాచోట్ల చివర అలిఫ్ అనే నిలువు గీత రాస్తారు. ‘ఉన్’, ‘ఇన్’లకు ఆ గీత ఉండదు. పైన చెప్పిన సిరియా ప్రతుల్లోని అదనపు అక్షరం ఇదే. ‘ఇల్లా’ తర్వాత పేరు చివర ఆ గీత ఉందో లేదో చూస్తే అడిగింది ఎవరో, అడిగించుకున్నది ఎవరో తెలిసిపోతుంది. ‘అల్’ చేరిన మాటలకు ఆ గీత కూడా ఉండదు. అలాంటప్పుడు ముందున్న వాక్యమే ఆధారం.

వేరే జాతి మాట వస్తే

తీసేసినది మొత్తంలో భాగం కాకపోతే? పాత వ్యాకరణ పాఠాలన్నిటిలో కనబడే ఉదాహరణ ఒకటుంది: ‘మా జాఅల్ కౌము ఇల్లా హిమారన్’. జనం రాలేదు, ఒక గాడిద తప్ప. గాడిద జనంలో ఎన్నడూ లేదు, కాబట్టి జనానికి బదులు కాలేదు. హిజాజ్ ప్రాంతపు అరబ్బులు ఇక్కడ వ్యతిరేకం ఉన్నా అ-రూపమే వాడేవారు. తమీమ్ తెగవాళ్లు అనుసరించే రూపాన్ని కూడా ఒప్పుకునేవారు. ఈ ప్రాంతీయ భేదాన్ని నమోదు చేసింది 8వ శతాబ్దంలో బస్రాలో పనిచేసిన సీబవైహి వంటి వ్యాకర్తలు. ఆయన పుట్టుకతో పర్షియన్. అరబిక్ వ్యాకరణానికి పునాది అనదగిన గ్రంథం రాశాడు.

‘గైర్’తో సరిచూసుకోవడం

అనుమానం వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి ‘గైర్’ అనే మాట ఉపయోగపడుతుంది. మన ‘గైర్‌హాజరు’లోని గైర్ అదే. ‘ఇల్లా’ బదులు ‘గైర్’ పెడితే తర్వాతి పేరు ఎప్పుడూ ఇ-రూపంలోకి పోతుంది, ‘ఇల్లా’ తర్వాత ఆ పేరుకు రావాల్సిన అచ్చు ‘గైర్’ మీదికి ఎక్కుతుంది. ‘జాఅల్ కౌము గైర ఖాలిదిన్’, ‘మా జాఅ గైరు ఖాలిదిన్’, ‘మా రఅయ్తు గైర ఖాలిదిన్’. ఖాలిద్ చివర దాగిన లెక్కంతా ఇప్పుడు గైర్ చివర కనబడుతుంది.

అందరికీ తెలిసిన వాక్యంలో

ఇప్పుడు ఒక పూర్తి ఉదాహరణను విడదీద్దాం. పక్కింటి నుంచో, మసీదు మైకు నుంచో తెలుగునాట ప్రతి ఊరూ విన్న వాక్యం ‘లా ఇలాహ ఇల్లల్లాహ్’. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడు. ఇందులో చివరి మాటకు ఏ అచ్చు రావాలి?

మొదటి ప్రశ్న: మొత్తం కనబడుతోందా? కనబడుతోంది, ‘ఇలాహ’, ఆరాధ్యుడు. రెండో ప్రశ్న: వ్యతిరేకం ఉందా? ఉంది, ‘లా’. అంటే ఇది రెండో కోవ. అనుసరించే రూపం మేలు. ఇక్కడో చిక్కు ఉంది. ‘ఇలాహ’ పైకి అకారంతో ముగుస్తోంది. దాన్ని అనుసరిస్తే ‘అల్లాహ’ అనాలి కదా?

వ్యాకర్తలు అలా అనుసరించడానికి ఒప్పుకోరు. ‘ఇలాహ’ చివరి అకారం దానికి సొంతం కాదు. ఒక జాతి మొత్తాన్ని లేదనే ఈ ప్రత్యేకమైన ‘లా’ ఆ అకారాన్ని తెచ్చింది. ఈ ‘లా’ అనిర్దిష్టమైన మాటల మీద, లేదన్న విషయం మీద మాత్రమే పనిచేస్తుంది. ‘ఇల్లా’ తర్వాత వచ్చిన ‘అల్లాహ్’ నిర్దిష్టమైన పేరు, పైగా అక్కడ చెబుతున్నది ఉందని. ఆ ‘లా’ ప్రభావం అంతదూరం సాగదు. కాబట్టి పైకి కనబడే అచ్చును వదిలి లోపలి స్థానాన్ని చూడాలి. ‘లా’ రాకముందు ‘ఇలాహ్’ది వాక్యాన్ని మొదలుపెట్టే కర్త స్థానం, ఉ-రూపం. అల్లాహ్ అనుసరించేది దాన్ని. అందువల్ల ‘అల్లాహు’.

చెవులతో కూడా దీన్ని సరిచూడవచ్చు. అజాన్‌లో ఈ వాక్యం చివర గొంతు ఆగుతుంది. ఆగిన చోట అరబిక్‌లో చివరి చిన్న అచ్చు పలకరు, అందుకే ‘ఇల్లల్లాహ్’ అని వినబడుతుంది. కలిమా చదివేటప్పుడు ఆగకుండా ముందుకు పోతే ‘లా ఇలాహ ఇల్లల్లాహు ముహమ్మదుర్ రసూలుల్లాహ్’ అని వినబడుతుంది. మధ్యలో వినిపించే ఆ ‘హు’ ఉ-రూపం. దాన్ని తెచ్చింది ‘ఇల్లా’ కాదు, దాని ముందున్న వాక్యం.